గట్టుకు ఏ వైపు? ముంపు ప్రాంతాల ఆస్తులకు బ్రాంచి మెమో

చాలా ఏళ్ల కిందట నేను ఒక బ్రాంచిలో ఫైర్ డిపార్ట్‌మెంటు చూస్తున్నప్పుడు, పై ఆఫీసు నుంచి ఒక్క పేరాలో మెమో వచ్చింది. కోనసీమ పిన్‌కోడ్‌లన్నీ వరద ముప్పు ప్రాంతాలని, ప్రతిపాదనలు 'జాగ్రత్తగా పరిశీలించి' తీసుకోవాలని అందులో ఉంది. దాన్ని ఒక్కొక్కరం ఒక్కోలా చదువుకున్నాం. ఒక సహోద్యోగి అమలాపురం ఊరి మధ్యలో ఉన్న మేడను కూడా వెనక్కి పంపాడు. ఇంకొకరు లంకలో నది ఒడ్డున ఉన్న గోదాముకు ఫోన్‌లోనే కవర్ ఇచ్చేశారు. ఇద్దరి దగ్గరా ఉన్నది అదే కాగితం.

ఈ అధ్యాయం అలాంటి మెమో రాయాల్సి వచ్చినవారి కోసం, దాన్ని చేతిలో పట్టుకుని కౌంటర్ వెనక కూర్చునేవారి కోసం. అమలాపురం, రాజోలు, కొత్తపేట బ్రాంచిలకు నేనే రాయాల్సి వస్తే ఏం రాస్తానో చెబుతాను. ఆ మెమోకు ప్రాణం ఒకే ప్రశ్నలో ఉంది: ఆస్తి ఏటిగట్టుకు ఏ వైపు ఉంది?

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఉన్న మెరక, పల్లం కలిసిందే మన కోనసీమ. పాయల వెంట గట్లు ఉన్నాయి. గట్టుకు నది వైపు ఉన్నవి లంకలు. గట్టుకు ఇవతల ఉన్నవి ఊళ్లు, వరిచేలు, కొబ్బరితోటలు. పటంలో రెండింటికీ మధ్య గీత సన్నగా కనబడుతుంది. కానీ పిన్‌కోడ్ ఒకటే, మండలం ఒకటే, ఒక్కోసారి పంచాయతీ కూడా ఒకటే. పిన్‌కోడ్ పట్టుకుని రిస్క్ తూచేవాడికి ఆ గీత కనబడదు.

అందుకే మెమోలో మొదటి నిబంధన ఇలా రాస్తాను: ప్రతిపాదన ఫారంలో చిరునామా కింద మూడు గడులు ఉండాలి. నది వైపు, గట్టుకు ఇవతల, సముద్రం ఒడ్డు. అండర్‌రైటర్ ఒకదానికి టిక్ పెట్టి, ఆ మాట ఎవరు చెప్పారో పక్కన రాయాలి. టిక్ లేని ఫారం నంబరు వేయించుకోకూడదు.

ఈ మూడు గడుల్లో పడే నీళ్లు వేరు వేరు. వాటి తీరు తెలియకపోతే మిగతా నిబంధనలన్నీ గాలిలో ఉంటాయి.

లంకలో వచ్చేది ఏటి నీరు. ఎర్రగా, ఒండ్రుతో, అంచెలంచెలుగా ఎక్కుతుంది. భద్రాచలంలో మట్టం పెరుగుతోందని వినగానే లంకవాళ్లు గొడ్లను గట్టు మీదికి తోలడం మొదలుపెడతారు. అంటే హెచ్చరిక ఉంటుంది, సామాను తరలించే వ్యవధి ఉంటుంది. కానీ కట్టడాన్ని తరలించలేం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పి.గన్నవరం, మామిడికుదురు, అయినవిల్లి, ముమ్మిడివరం, సఖినేటిపల్లి మండలాల లంకలు నీటమునిగాయి. 2006 ఆగస్టులో అంతకన్నా ఎక్కువ నీరు వచ్చింది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. లంక ఆస్తికి వరద వస్తుందా అన్న ప్రశ్నే లేదు. ఎన్నేళ్లకు, ఎంత లోతున అన్నదే ప్రశ్న.

గట్టుకు ఇవతల వచ్చేది ఎక్కువగా వాననీరు. తుపాను వాన మూడు రోజులు పడితే మురుగుకాలవలు నిండుతాయి. అదే సమయంలో నది నిండుగా ఉంటే, లేదా అమావాస్య పౌర్ణమి పోటు ఉంటే, కాలవ నీరు బయటికి దిగదు. ఇంటి ముందు నీరు మోకాలి లోతు దాటకపోయినా వారం రోజులు నిలబడుతుంది. గట్టుకు గండి పడితే మాత్రం ఇదంతా మారిపోతుంది. 2006లో గండ్లు పడ్డాయి. ఆ ముప్పు చిన్నది కాదు, కానీ ఏ ఇంటికి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మురుగు ముంపు మాత్రం చెప్పవచ్చు. అది ఏటేటా అదే సందులో, అదే పల్లంలో నిలుస్తుంది.

ఇక సముద్రం ఒడ్డు. 1996 నవంబరు 6 తుపాను చూసినవారికి వివరించక్కర్లేదు. అక్కడ గాలి, ఉప్పెన కలిసి వస్తాయి. ఆ ప్రతిపాదనలు బ్రాంచి చేతిలో ఉంచకుండా నేరుగా రీజినల్ ఆఫీసుకు పంపమని మెమోలో ఒక్క వాక్యం రాసి వదిలేస్తాను. బ్రాంచివారి శ్రమ మొదటి రెండు గడుల మీదే పెట్టాలని నా అభిప్రాయం. మన వ్యాపారం ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

టేపు లేకుండా వెళ్లొద్దు

రెండో నిబంధన ఎత్తు గురించి. ఇల్లు 'మెరకలో ఉంది' అని ఏజెంటు చెప్పిన మాట ఫైల్లో కనబడకూడదు. అడుగులు, అంగుళాలు కనబడాలి.

కొలిచే పద్ధతి చిన్నదే. ఇంటి ముందు రోడ్డు మధ్య మెరక నుంచి ఇంటి లోపలి నేల వరకు ఎత్తు కొలవాలి. టేపుతో సహా ఫొటో తీయాలి. తర్వాత, అంతకు ముందు వచ్చిన నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో కనుక్కోవాలి. యజమాని చెప్పినది ఒక లెక్క, పక్కింటివారు చెప్పినది ఇంకో లెక్క. రెండూ రాయాలి. గోడకు సున్నం వేస్తే నీటి జాడ పోతుంది. కానీ ఇనుప బీరువా కాళ్ల తుప్పు, మెట్ల కింద అరలో ఎండిన ఒండ్రు, కిందికున్న ప్లగ్గు పెట్టెలో మట్టి ఉంటాయి. ఆ జాడలు అబద్ధం చెప్పవు. కరెంటు మీటరు బోర్డు ఎత్తుకు మార్చినట్టుంటే ఎందుకు మార్చారో అడగండి. ఊళ్లో బడి గోడ మీద, గుడి అరుగు మీద 2022 జాడ ఎక్కడుందో చూపించమంటే చూపిస్తారు. అక్కడి నుంచి ఇంటి వరకు నేల ఎటు వాలి ఉందో చూసుకోవచ్చు.

ఇక్కడ కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇంటి నేల అప్పట్లో రోడ్డుకు మూడడుగుల ఎత్తున ఉండి ఉండవచ్చు. ఆ తర్వాత తారు రోడ్డు పడింది, దాని మీద సిమెంటు రోడ్డు పడింది. పొర పొరకూ రోడ్డు ఎత్తు పెరిగింది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. పాత పాలసీ ఫైల్లో మూడడుగులని ఉంటే అది చూసి రెన్యూ చేస్తే తప్పవుతుంది. అందుకే మెమోలో 'గత ఏడాది కొలత పనికిరాదు, రోడ్డు కొత్తగా వేస్తే మళ్లీ కొలవాలి' అని రాస్తాను.

ఇంతటి కొలత అన్ని ఇళ్లకూ కుదరదు. అందుకని ఒక హద్దు పెట్టుకోవాలి. నది వైపు గడిలో ఉన్న ప్రతి ఆస్తికీ, గట్టుకు ఇవతల నిల్వ సరుకున్న ప్రతి గోదాముకూ, మిల్లుకూ కొలత తప్పనిసరి. గట్టుకు ఇవతలి మామూలు ఇళ్లకు యజమాని చెప్పిన వివరం, రెండు ఫొటోలు చాలు.

కొబ్బరి గోదాము లెక్క

ఒక కేసు కట్టుకుని చూద్దాం. అంబాజీపేట చుట్టుపక్కల గట్టుకు ఇవతల, ఒక మురుగుకాలవకు దగ్గరగా ఎండుకొబ్బరి గోదాము ఉందనుకోండి. సీజన్‌లో అందులో 60 లక్షల రూపాయల సరుకు ఉంటుంది. బ్యాంకు 40 లక్షలు అప్పిచ్చింది కాబట్టి, బ్యాంకు కోసమని 40 లక్షలకే పాలసీ అడుగుతున్నారు. ప్రతిపాదన మీద 'ముంపు లేదు' అని ఉంది.

అండర్‌రైటర్ వెళ్లి కొలిచాడు. గోదాము నేల రోడ్డు మెరక కన్నా 18 అంగుళాలు ఎత్తు. పక్క కిళ్లీ కొట్టాయన్ని అడిగితే, ఒక తుపాను ముసురులో రోడ్డు మీద మోకాలి దాకా నీళ్లు నిలిచాయని చెప్పాడు. కొలిస్తే అది 21 అంగుళాలు వచ్చింది. అంటే గోదాము లోపల 3 అంగుళాల నీరు నిలిచి ఉండాలి. 3 అంగుళాలంటే పెద్ద నష్టం కాదనిపిస్తుంది.

లోపల బస్తాలు నేల మీదే పేర్చి ఉన్నాయి, పది వరసల ఎత్తున. కింది వరస నీట తడుస్తుంది. ఎండుకొబ్బరి చెమ్మ పీలుస్తుంది. పై వరసకు బూజు పడుతుంది, ముక్కిపోయిన వాసన వస్తుంది. నీరు వారం నిలిచిందంటే రెండు వరసలు పోయినట్టే లెక్కపెట్టాలి. పదిలో రెండు వరసలంటే 60 లక్షల సరుకులో 12 లక్షలు.

ఇప్పుడు పాలసీ వైపు చూడండి. ఆస్తి విలువ 5 కోట్ల లోపు కాబట్టి ఇది 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' కిందికి వస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మూడు ప్రామాణిక పాలసీల్లో ఇది ఒకటి. ఇందులో తక్కువ విలువకు బీమా చేసినా 15 శాతం వరకు క్షమిస్తారు. ఇక్కడ లోటు 15 శాతం కాదు, మూడో వంతు. కాబట్టి సగటు నిబంధన వర్తిస్తుంది. 12 లక్షల నష్టాన్ని 40కి 60 నిష్పత్తిలో తగ్గిస్తే 8 లక్షలు మిగులుతుంది. ఎక్సెస్ తీశాక ఇంకాస్త తగ్గుతుంది. 12 లక్షలు వస్తాయనుకున్న వ్యాపారి ఆ రోజు మన మీద కోపపడతాడు. ఆ కోపంలో న్యాయం ఉంది, ఎందుకంటే పాలసీ రాసిన రోజున ఈ లెక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ కేసులో చేయాల్సింది తిరస్కరించడం కాదు. గోదాము నేల మీద 6 అంగుళాల చెక్క దిమ్మెలు వేసి, వాటి మీద బస్తాలు పేరిస్తే 3 అంగుళాల నీరు సరుకును తాకదు. మొత్తం విలువ 60 లక్షలకు రాయిస్తే సగటు నిబంధన పని ఉండదు. ఈ రెండూ చేస్తే అది మంచి రిస్కు. దిమ్మెలు వేసినట్టు ఫొటో వచ్చాకే కవర్ మొదలుపెట్టాలి. సరుకు పెరిగే నెలల్లో మొత్తం ఎంత అవుతుందో ముందే అడిగి, ఆ గరిష్ఠ విలువకే రాయాలి. మెమోలో ఈ షరతును 'ప్యాలెట్లు వాడాలి' అని ఒక్క మాటలో రాస్తే చాలదు. ఎన్ని అంగుళాల ఎత్తు, ఏ కొలత మీద ఆధారపడి అన్నది రాయాలి. నీరు నేల మీద 3 అంగుళాలు వస్తే 6 అంగుళాల దిమ్మె సరిపోతుంది. అదే గోదాము నేల 6 అంగుళాలు కిందికి ఉంటే, నీరు 9 అంగుళాలు నిలుస్తుంది, దిమ్మెలు మునుగుతాయి.

లంక ఇంటికి చెప్పాల్సిన మాట

ఇళ్లకు ఉన్న 'భారత్ గృహ రక్ష'లో వరద ముంపు పాలసీలోనే కలిసి ఉంది. కట్టడం విలువ కార్పెట్ విస్తీర్ణాన్ని నిర్మాణ ఖర్చుతో గుణించి లెక్కిస్తారు. తక్కువ విలువకు బీమా చేశారని కోత పెట్టడం ఇందులో లేదు. పాత ప్రామాణిక అగ్ని పాలసీలో లాగా 'వరద తీసేసి ఇస్తాం, ప్రీమియం తగ్గుతుంది' అని ఇళ్లకు చెప్పే దారి బ్రాంచికి లేదు. మెమోలో ఇది స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు ఎండార్స్‌మెంటులో వరద మినహాయింపు పెట్టేస్తారు, క్లెయిమ్ రోజున అది నిలవదు.

లంకలో ఇంటికి పాలసీ అడిగినవారికి బ్రాంచివారు ఒక విషయం ముందే చెప్పాలి. దానికి మెమోలో వాక్యం రాసి ఇస్తాను, ఎందుకంటే కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు అల్లుకున్న మాటలు తేడా వస్తాయి.

'అమ్మా, నీరు ఇంట్లోకొచ్చి గోడ కూలితే పాలసీ వర్తిస్తుంది. కానీ ఏరు ఒడ్డు కోసుకుంటూ వచ్చి ఇంటి కింద నేలే పోతే, దాన్ని నది కోత అంటారు. అది ఈ పాలసీలో లేదు.'

'అంటే మా ఇల్లు ఏట్లో కలిసిపోతే ఏమీ రాదాండీ?'

'నది కోత వల్ల అయితే రాదమ్మా. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. మీ ఇంటికి ఒడ్డు ఎంత దూరంలో ఉంది?'

ఈ సంభాషణ కష్టమైనదే. కానీ లంకవాసికి తన ఇంటి నుంచి ఒడ్డు దూరం ఎంతో మనకన్నా బాగా తెలుసు. కోత ఏ ఏడాది ఎన్ని గజాలు వచ్చిందో కూడా చెబుతారు. ఒడ్డు ఏటేటా దగ్గరవుతున్న ఇంటిని బ్రాంచి స్థాయిలో తీసుకోకూడదని, రీజినల్ ఆఫీసుకు పంపాలని నియమం పెడతాను. అంతే కాదు, కట్టడానికి పదేళ్ల దాకా ఇచ్చే పాలసీ లంకలో వద్దు. ఏడాది పాలసీ ఇచ్చి, వరద సీజన్ అయ్యాక ఒడ్డు చూసి రెన్యూ చేయడం ఇద్దరికీ మంచిది.

తాటాకు ఇళ్లు, మట్టి గోడల ఇళ్లు ఈ నిబంధనలకు వేరుగా ఉంటాయి. నాలుగు రోజులు నీట నానిన మట్టి గోడ నిలబడదు. పక్కనే కాంక్రీటు స్తంభాల మీద లేచిన ఇల్లు అదే నీటిలో అడుగు తడిసి నిలబడుతుంది. కట్టడం రకం, నేల ఎత్తు రెండూ కలిపి చూడాలని ఇందుకే అంటాను.

జెండా ఎగిరిన రోజు

మూడో నిబంధన సమయం గురించి. అన్నిటికన్నా ఎక్కువ తగవులు ఇక్కడే వస్తాయి.

ధవళేశ్వరంలో ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు, మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకు, 13.75 అడుగులకు రెండోది. 17 లక్షలకు, 17.75 అడుగులకు మూడోది. పై మట్టం తెలియజేసే భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగుల వద్ద ఉంటాయి. ఈ అంకెలు బ్రాంచి గోడ మీద రాసి ఉండాలి.

నేను రాసే నిబంధన ఇది: మొదటి హెచ్చరిక వెలువడిన గంట నుంచి నది వైపు ఆస్తులకు కొత్త పాలసీ లేదు, బీమా మొత్తం పెంచడమూ లేదు. రెండో హెచ్చరిక నుంచి గట్టుకు ఇవతలి ఆస్తులకూ అంతే. హెచ్చరిక ఎత్తేశాక మూడు రోజుల వరకు ఈ నిషేధం కొనసాగాలి, ఎందుకంటే నది తగ్గాక కూడా కాలవల నీరు దిగడానికి సమయం పడుతుంది. గడువు తేదీన రెన్యూ అయ్యే పాలసీలను మాత్రం పాత మొత్తానికే యథావిధిగా రెన్యూ చేయాలి. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన మనిషిని నీళ్లొచ్చిన వారంలో బయటికి పంపడం తప్పు.

ఈ నిబంధనకు కౌంటర్ దగ్గరే రంధ్రం పడుతుంది. 1938 బీమా చట్టం 64విబి సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా రిస్కు స్వీకరించకూడదు. మనవాళ్లు దీన్ని తిప్పి చదువుకుంటారు: 'డబ్బు కట్టించుకుంటాం, ఇన్‌స్పెక్షన్ తర్వాత చేద్దాం.' డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాక ఇల్లు మునిగితే, మనం రిస్కు స్వీకరించలేదని చెప్పడం చాలా కష్టం. కాబట్టి హెచ్చరిక రోజుల్లో క్యాషియర్‌కు కూడా మెమో ప్రతి వెళ్లాలి. ఆన్‌లైన్ చెల్లింపు వచ్చినా, ఆ రోజే కారణం రాసి తిరిగి పంపాలి. ఏజెంట్లకు హెచ్చరిక వెలువడగానే సందేశం వెళ్లాలి, ఎవరు ఎన్ని గంటలకు పంపారో రిజిస్టరులో రాయాలి.

ఇలా వెనక్కి పంపినవారికి రెండు వాక్యాల ఉత్తరం తెలుగులో ఇవ్వాలి: ఏ హెచ్చరిక కారణంగా ఆపామో, ఏ రోజు తర్వాత మళ్లీ రావచ్చో. మౌనంగా ఫైలు పక్కన పెట్టడాన్ని ఎవరూ క్షమించరు.

మెమో చివర పెట్టే పేజీ

మెమో ఇన్ని పేజీలు అయితే ఎవరూ చదవరని కొందరు మేనేజర్లు అంటారు. నిజమే, అందుకే ప్రతి బ్రాంచికి వేరు పేజీ ఒకటి జత చేస్తాను. అమలాపురం పేజీలో మురుగుకాలవల వెంట ముంపు నిలిచే వార్డులు, రాజోలు పేజీలో వసిష్ఠ, వైనతేయల లంకలు, సముద్రం వైపు ఊళ్లు, కొత్తపేట పేజీలో గౌతమి, వసిష్ఠ గట్ల వెంట ఉన్న ఊళ్లు ఉంటాయి. ఆ పేర్లు పై ఆఫీసులో కూర్చుని రాయలేం. బ్రాంచి అండర్‌రైటరే, ఆ ఊరివాళ్లతో కలిసి రాయాలి.

ఆ పేజీలో ప్రతి ఊరి పక్కన నాలుగు గడులుంటాయి: గట్టుకు ఏ వైపు, 2022లో నీరు ఎంత ఎత్తు, ఎన్ని రోజులు నిలిచింది, చెప్పినవారి పేరు బదులు వారి పని, అంటే పడవ నడిపే ఆయన, బడి పంతులు, కొట్టాయన వంటివి. తర్వాతి వరద తగ్గిన వారంలోపే ఈ పేజీని మళ్లీ పూర్తి చేయాలి. సున్నం వేయకముందే, ఒండ్రు కడగకముందే టేపు పట్టుకుని వెళ్లాలి. క్లెయిమ్‌లు చూడడానికి సర్వేయరు వెళ్లే జీపులోనే అండర్‌రైటరు కూడా వెళ్లవచ్చు. ఒక పూట పని ఆగినా ఫరవాలేదు. పేజీలో ఆ ఏడాది గడి ఖాళీగా ఉన్నంతవరకు, ఆ ఊరి ప్రతిపాదనలేవీ బ్రాంచి స్థాయిలో ఆమోదించకూడదని మెమో చివరి వాక్యంగా రాస్తాను.